ఇన్వర్టర్ బ్యాటరీల బ్యాచ్ కెపాసిటీ ఇవ్వకపోతే సప్లయర్‌కి లెటర్ ఎలా రాయాలి: బల్బుల టెస్ట్ నుంచి క్రెడిట్ నోట్ దాకా

"బ్యాటరీలు బ్యాకప్ ఇవ్వట్లేదండి, కస్టమర్లు తిడుతున్నారు, దయచేసి మార్చండి." మన వైపు షాపుల నుంచి సప్లయర్‌కి వెళ్లే లెటర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి, అటునుంచి జవాబు కూడా ఒక్క ముక్కలో వచ్చేస్తుంది: "కస్టమర్ ఇన్వర్టర్ చెక్ చేయించండి." అక్కడితో కథ అయిపోతుంది. పాలకొల్లు, భీమవరం, అమలాపురం వైపు చిన్న షాపుల వాళ్లు ఇదే అడుగుతూ ఉంటారు కాబట్టి మొత్తం వరస ఇక్కడ రాస్తున్నాను.

ఒక్క విషయం పట్టుకుంటే మిగతాదంతా తేలిక. బ్యాకప్ అనేది కస్టమర్ మాట, వారంటీలో ఉండేది కెపాసిటీ. మూడు గంటలు ఫ్యాన్ తిరిగిందా లేదా అన్నది లోడ్ మీద, ఇన్వర్టర్ మీద, చార్జింగ్ మీద ఆధారపడుతుంది. కెపాసిటీ అంటే ఇన్ని ఆంపియర్లు ఇన్ని గంటలు ఇచ్చిందా అన్న లెక్క. లెటర్‌లో ఆ లెక్క సీరియల్ నంబర్ల వారీగా ఉంటే సప్లయర్ దాన్ని పక్కన పడేయలేడు.

ఉదాహరణకి ఒక షాపు అనుకుందాం. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు ఇరవై కొన్నాడు, పదమూడు అమ్మాడు, ఏడు షాపులో ఉన్నాయి. అమ్మినవాటిలో ఆరింటి మీద కంప్లయింట్లు వచ్చాయి. ఈ కేసుతోనే చివరిదాకా వెళ్దాం.

1. పెన్ను పట్టకముందు లేబుల్, కార్డు చదవండి

లేబుల్ మీద 150 ఏహెచ్ పక్కనే సీ20 అనో సీ10 అనో ఉంటుంది. సీ20 అంటే 150ని 20తో భాగించి, 7.5 ఆంపియర్ల చొప్పున 20 గంటలు ఇవ్వాలి, అప్పటికి వోల్టేజి 10.5 కంటే కిందికి పోకూడదు. సీ10 అయితే 15 ఆంపియర్లు, 10 గంటలు, ఆఖరి వోల్టేజి సాధారణంగా 10.8. ఈ రెండూ కలిపేస్తే మీ కేసు మొదట్లోనే పోతుంది, ఎందుకంటే సీ20 బ్యాటరీని 15 ఆంపియర్లతో లాగితే మంచి బ్యాటరీ కూడా 150 ఇవ్వదు. వేగంగా లాగేకొద్దీ బ్యాటరీ మొత్తం మీద తక్కువ ఇస్తుంది.

తర్వాత వారంటీ కార్డు. ఎంత శాతం కంటే తగ్గితే ఫెయిల్ అన్న అంకె రాసి ఉందేమో చూడండి. ట్రేడ్‌లో 80 శాతం వాడుక, కానీ మీ కార్డులో ఏముందో అదే చెల్లుతుంది. అంకె లేకపోతే అది కూడా లెటర్‌లో అడగాలి, కింద నమూనాలో పెట్టాను.

- బిల్లు నంబరు, తేదీ, ఆ బిల్లులో ఎన్ని బ్యాటరీలు
- ప్రతి బ్యాటరీ సీరియల్ నంబరు, తయారీ కోడు
- ఏది ఎవరికి, ఏ తేదీన అమ్మారో మీ బిల్లుబుక్కు
- కార్డు మీద షాపు ముద్ర, అమ్మిన తేదీ, ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ అడిగే కంపెనీ అయితే అది చేసిన రుజువు
- తయారైన ఇన్ని నెలల్లోపే అమ్మాలన్న షరతు ఏమైనా ఉందా

ఆ చివరిదాని మీదే చాలామంది దెబ్బ తింటారు.

2. టెస్ట్‌కి ఏ బ్యాటరీలు పెట్టాలి

అందరూ కస్టమర్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చినవే టెస్ట్ చేస్తారు. అవి కావాలి, కాదనను. కానీ అసలు బలం అమ్ముడుపోకుండా షాపులోనే ఉన్న అదే బ్యాచ్ బ్యాటరీల్లో ఉంది.

ఎందుకంటే వెనక్కి వచ్చిన బ్యాటరీ మీద సప్లయర్ అనగలిగిన మాటలు బోలెడు. ఇన్వర్టర్ సరిగ్గా చార్జ్ చేయలేదంటాడు, ఓవర్‌లోడ్ అంటాడు, నీళ్లు సరిగ్గా పోయలేదంటాడు. ఈ ఆఖరిది మన డెల్టాలో ఉత్త సాకు కూడా కాదు, అంతర్వేది, సఖినేటిపల్లి లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, డిస్టిల్డ్ వాటర్ అయిపోయిందని ఎవరైనా ఆ నీళ్లే పోస్తే ప్లేట్లు పాడవుతాయి. షాపులో ఉన్న బ్యాటరీ ఏ ఇంటి ఇన్వర్టరూ చూడలేదు, ఏ బోరు నీళ్లూ తాగలేదు. అది కూడా తక్కువ ఇచ్చిందంటే ఆ మాటలన్నీ ఒక్కసారే పోతాయి.

అప్పుడు మిగిలేది ఒకటే మాట: "షాపులో నెలల తరబడి చార్జ్ పెట్టకుండా ఉంచావు." ఇది నిజంగానే పాడుచేసే పనే. ఊరికే కూర్చున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది, మన ఎండలకి ఇంకా త్వరగా, అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. అందుకే స్టాక్‌కి ఎప్పుడు రీఫ్రెష్ చార్జ్ పెట్టారో రాసిన పుస్తకం ఉండాలి. లేకపోతే కనీసం ఈ నెల నుంచి రాయడం మొదలుపెట్టండి, ఈ లెటర్‌లో మాత్రం లేని తేదీలు కల్పించకండి.

ఇంకొకటి కూడా పెట్టండి, వేరే బ్యాచ్‌లో బాగున్న బ్యాటరీ ఒకటి. అదే బల్బులు, అదే మీటరుతో అది సరిగ్గా ఇస్తే మీ టెస్ట్ పద్ధతి తప్పనడానికి లేదు. మన కేసులో వెనక్కి వచ్చినవి నాలుగు, షాపులోవి రెండు, వేరే బ్యాచ్‌ది ఒకటి.

కస్టమర్ బ్యాటరీ తెచ్చుకునేటప్పుడు సీరియల్ నంబరుతో రసీదు రాసివ్వండి, వీలైతే స్టాండ్‌బై బ్యాటరీ పెట్టండి. పాత బ్యాటరీలు కొనే వాళ్లకి మాత్రం క్లెయిమ్ తేలేదాకా ఒక్కటి కూడా ఇవ్వొద్దు.

3. ముందు పూర్తిగా చార్జ్, తర్వాత గ్రావిటీ

సగం చార్జ్ అయిన బ్యాటరీని టెస్ట్ చేసి తక్కువ ఇచ్చిందంటే అది రుజువు కాదు. ఇన్వర్టర్‌తో కాకుండా విడి చార్జర్‌తో పెట్టండి, 150 ఏహెచ్‌కి 15 ఆంపియర్లు చాలు. గంటకోసారి తీసిన మూడు రీడింగుల్లో వోల్టేజి, గ్రావిటీ రెండూ కదలకుండా ఉంటే అప్పుడు ఫుల్ అయినట్టు. చార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, షట్టర్ తీసి ఉంచండి, ఆ దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు, హైడ్రోమీటర్ ముంచేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి.

తర్వాత ఆరు సెల్స్‌కి ఆరు గ్రావిటీ రీడింగులు రాయండి. ఫుల్ చార్జ్ గ్రావిటీ ఎంతో లేబుల్ మీదే ఉంటుంది, ట్యూబులర్‌కి 1.240 చుట్టుపక్కల ఉండడం మామూలు. ఈ ఆరు అంకెలు జబ్బు ఎక్కడుందో చాలావరకు చెప్పేస్తాయి.

ఐదు సెల్స్ 1.235 దగ్గర ఉండి ఒకటి 1.180 దగ్గర ఆగిపోతే ఆ సెల్‌లోనే లోపం. ఆరూ కలిసికట్టుగా తక్కువ ఉంటే చార్జింగ్ సరిపోలేదు, లేదా ఊరికే ఉండి సల్ఫేట్ అయింది, ఇంకోసారి నెమ్మదిగా చార్జ్ పెట్టి చూడాలి. ఆరూ 1.280 చూపిస్తే ఎవరో నీళ్ల బదులు యాసిడ్ పోశారు, ఆ బ్యాటరీని క్లెయిమ్‌లోంచి తీసేయండి, ఒక్కదాని కోసం మిగతావాటి పరువు పోతుంది. ఇక ఆరూ 1.240 బాగా చూపిస్తూ కూడా డిశ్చార్జ్‌లో తక్కువ ఇస్తే? యాసిడ్ బాగానే ఉంది, ప్లేట్లలోనే సరుకు సరిగ్గా లేదన్న అనుమానం బలపడుతుంది. బ్యాచ్ మొత్తం ఇలా ఉంటే మీ కేసు గట్టిది.

4. బల్బులతో డిశ్చార్జ్ టెస్ట్

లోడ్ బ్యాంక్ కొనక్కర్లేదు. 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బులు, 55 వాట్లది ఒకటి, 35 వాట్లది ఒకటి, రెండూ ప్యారలల్‌గా పెడితే 90 వాట్లు, 12 వోల్టుల దగ్గర సరిగ్గా 7.5 ఆంపియర్లు. సీ20 టెస్ట్‌కి కావలసింది అదే. వోల్టేజి దిగేకొద్దీ కరెంటు కొంచెం తగ్గుతుంది కాబట్టి డీసీ చూపించే క్లాంప్ మీటరుతో గంట గంటకీ చూసి రాయాలి, ఏసీ మాత్రమే చూపించే క్లాంప్ ఇక్కడ పనికిరాదు. బల్బులు కాలిపోయేంత వేడెక్కుతాయి, అట్టపెట్టెల మీద కాకుండా రేకు మీద పెట్టండి.

తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. 150లో 80 శాతం అంటే 120 ఏహెచ్, అది రావాలంటే ఈ బల్బులు పదహారు గంటల పైన వెలగాలి, అంటే రాత్రి తొమ్మిది దాటుతుంది. రాత్రి పదికి కూడా వోల్టేజి 10.5 పైనే ఉంటే ఆ బ్యాటరీ 80 శాతం దాటినట్టే, దాన్ని కంప్లయింట్‌లో పెట్టకండి. నిజంగా ఫెయిలైనవి మీరు షట్టర్ దించేలోపే దొరికిపోతాయి, రాత్రంతా కాపలా కాయనక్కర్లేదు.

- మొదలుపెట్టే ముందు సీరియల్ నంబరు, మీటరు, గడియారం ఒకే ఫొటోలో వచ్చేలా తీయండి
- గంటకోసారి వోల్టేజి, కరెంటు, వోల్టేజి 11.3 దిగాక పావుగంటకోసారి
- యాసిడ్ టెంపరేచర్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి
- బ్యాటరీ టెర్మినల్స్ దగ్గరే కొలవాలి, వైరు చివర కాదు
- 10.5 రాగానే ఆపి, ఆ రీడింగు వీడియో తీసి, అదే రోజు మళ్లీ చార్జింగ్‌కి పెట్టాలి

10.5 దాటి లాగితే మీరే బ్యాటరీని పాడుచేసినట్టవుతుంది, ఆ వీడియో మీకే ఎదురు తిరుగుతుంది.

మొదటి టెస్ట్‌లో ఫెయిలైనదానికి ఇంకోసారి ఫుల్ చార్జ్, ఇంకోసారి టెస్ట్ చేయండి. కొత్త ట్యూబులర్ బ్యాటరీ మొదటి కొన్ని సైకిల్స్‌లో ఇంకా పుంజుకుంటుంది, "బూస్ట్ చార్జ్ పెడితే లేస్తుంది" అని సప్లయర్ ఎలాగూ అంటాడు. రెండిట్లో ఎక్కువ వచ్చిన అంకెనే లెటర్‌లో రాయండి. టైము పడుతుంది, నిజమే, రెండు మూడు సెట్ల బల్బులు పెట్టుకుంటే పని తెములుతుంది.

5. లెక్క

మన కేసులో మొదటి బ్యాటరీ సరిగ్గా 13 గంటలకి 10.5 వోల్టులకి వచ్చింది, గంటవారీ రీడింగుల సగటు 7.4 ఆంపియర్లు.

7.4 × 13 = 96.2 ఏహెచ్

రేటింగ్ 27 డిగ్రీల దగ్గర ఇస్తారు. మన దగ్గర యాసిడ్ 33 డిగ్రీలుంది. వేడిగా ఉంటే బ్యాటరీ కొంచెం ఎక్కువే ఇస్తుంది కాబట్టి డిగ్రీకి సుమారు అర శాతం చొప్పున మన అంకెని మనమే తగ్గించుకోవాలి. ఆరు డిగ్రీలకి మూడు శాతం.

96.2 ÷ 1.03 = 93 ఏహెచ్, అంటే 150లో 62 శాతం

మనకి నష్టం వచ్చే సవరణ మనమే చేసుకుంటే ఎందుకు మంచిదంటే, అవతల చదివే సర్వీస్ ఇంజినీరుకి వీడికి పని తెలుసు అని ఆ ఒక్క లైన్‌తో అర్థమవుతుంది. వేరే బ్యాచ్ బ్యాటరీ ఇదే పద్ధతిలో 143 ఇచ్చింది, 95 శాతం.

6. లెటర్

ఒక పేజీ, మహా అయితే ఒకటిన్నర. "మోసం", "పనికిమాలిన సరుకు" లాంటి మాటలు రాస్తే జవాబు ఆ మాటలకే వస్తుంది, అంకెలకి రాదు. ఎంత కోపం ఉన్నా ఫోన్‌లోనే తీర్చుకోండి.

నమూనా ఇది, ఖాళీలు మీరు నింపుకోండి.

> తేదీ: ……
>
> …… డిస్ట్రిబ్యూటర్ గారికి,
>
> విషయం: మీ బిల్లు నం. ……, తేదీ ……, 150 ఏహెచ్ (సీ20) ట్యూబులర్ బ్యాటరీలు 20, తయారీ కోడు …… : వారంటీ కాలంలో రేటెడ్ కెపాసిటీ రాకపోవడం
>
> నమస్కారమండి.
>
> పై బిల్లు మీద మేము తీసుకున్న 20 బ్యాటరీల్లో 13 అమ్మాము, 7 మా షాపులో ఉన్నాయి. అమ్మినవాటిలో ఆరింటి మీద కస్టమర్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. ఈ ఆరూ వేర్వేరు ఇళ్లలో, వేర్వేరు ఇన్వర్టర్ల మీద వాడినవి. వాటిలో నాలుగింటిని, ఎవరికీ అమ్మని రెండింటిని మేము టెస్ట్ చేశాము.
>
> పద్ధతి: విడి చార్జర్‌తో పూర్తిగా చార్జ్ చేసి, సుమారు 7.4 ఆంపియర్ల లోడ్‌తో 10.5 వోల్టుల దాకా డిశ్చార్జ్. ఫెయిలైన ప్రతి బ్యాటరీకి రెండుసార్లు చేసి, ఎక్కువ వచ్చిన ఫలితం తీసుకున్నాము. 27 డిగ్రీలకి సవరించిన ఫలితాలు:
>
> సీరియల్ …… (వెనక్కి వచ్చింది): 93 ఏహెచ్, 62 శాతం
> సీరియల్ …… (వెనక్కి వచ్చింది): 89 ఏహెచ్, 59 శాతం
> సీరియల్ …… (వెనక్కి వచ్చింది): 97 ఏహెచ్, 65 శాతం
> సీరియల్ …… (వెనక్కి వచ్చింది): 91 ఏహెచ్, 61 శాతం
> సీరియల్ …… (అమ్మనిది): 104 ఏహెచ్, 69 శాతం
> సీరియల్ …… (అమ్మనిది): 101 ఏహెచ్, 67 శాతం
>
> ఇదే పరికరాలతో వేరే బ్యాచ్ బ్యాటరీ 143 ఏహెచ్, అంటే 95 శాతం ఇచ్చింది. అమ్మని బ్యాటరీలకి రీఫ్రెష్ చార్జ్ పెట్టిన తేదీలు జతచేశాము.
>
> మేము కోరేది:
> (1) టెస్ట్‌లో ఫెయిలైన ఆరు బ్యాటరీలకి వేరే తయారీ కోడు ఉన్న కొత్తవి, లేదా బిల్లు ధరకి క్రెడిట్ నోట్.
> (2) ఫిర్యాదు వచ్చి మేము ఇంకా టెస్ట్ చేయని రెండు, షాపులో మిగిలిన ఐదు బ్యాటరీలకి మీ ఇంజినీరు సమక్షంలో ఇదే సీ20 టెస్ట్.
> (3) వారంటీలో కెపాసిటీ ఎంత శాతం కంటే తగ్గితే ఫెయిల్‌గా తీసుకుంటారో రాతపూర్వకంగా తెలపడం.
>
> ఈ లెటర్ అందిన 15 రోజుల్లోపు జవాబు ఇవ్వగలరు. అప్పటిదాకా ఈ బ్యాచ్ అమ్మకం ఆపి, బ్యాటరీలన్నీ చార్జ్‌లో భద్రంగా ఉంచుతున్నాము. మీ మనుషులు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.
>
> ఇట్లు,
> ……
>
> జతచేసినవి: బిల్లు కాపీ, వారంటీ కార్డుల కాపీలు, గంటవారీ రీడింగులు, గ్రావిటీ రీడింగులు, ఫొటోలు

"అమ్మకం ఆపాం" అన్న లైన్ తీసేయకండి. బాగోలేదని తెలిసి కూడా అమ్ముతూనే ఉన్నావు కదా అన్న మాట తర్వాత రాకుండా అదే కాపాడుతుంది, రాశాక నిజంగా ఆపాలి కూడా.

7. పంపడం, జవాబుకి జవాబు

ఈమెయిల్ చేసి, కాగితం కాపీ స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచండి. వీడియోలు వాట్సాప్‌లో పంపొచ్చు గానీ లెటర్ వాట్సాప్‌తోనే సరిపెట్టకండి, అక్కడ సేల్స్ కుర్రాడు "చూస్తానన్నా" అంటాడు, నెల తిరిగేసరికి వేరే కంపెనీలో ఉంటాడు.

ఇంజినీరు వస్తే సాధారణంగా రెండు కొమ్ముల లోడ్ టెస్టర్ తెచ్చి టెర్మినల్స్ మీద కొన్ని సెకన్లు ఆనించి "పచ్చలో ఉంది, బాగుంది" అంటాడు. ఆ పరికరం చూపేది ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వగలదా లేదా అన్నది, ఇరవై గంటల కెపాసిటీ కాదు. మర్యాదగానే అడగండి: "సార్, ఇందులో ఏహెచ్ ఎంత వచ్చిందో రిపోర్టులో రాయండి." రాయలేడు. అప్పుడు బల్బుల టెస్ట్ అతని ఎదురుగా మొదలుపెట్టండి, మొదటి రీడింగు మీద సంతకం తీసుకోండి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తామంటే సీరియల్ నంబర్లన్నీ రాసిన చలాన్ లేకుండా ఒక్కటి కూడా బండి ఎక్కించకండి.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే "కన్జ్యూమర్ కోర్టుకి వెళ్తాను" అని రాసేవాళ్లున్నారు. వద్దు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం తిరిగి అమ్మడానికి కొన్నవాడు వినియోగదారుడు కాదు, సప్లయర్ లాయర్‌కి అది తెలుసు. ఆ దారి మీ కస్టమర్లకి ఉంది, వాళ్లు వెళ్తే మీ పేరు కూడా లాగుతారు, ఈ తొందరంతా అందుకే. మీకూ సప్లయర్‌కీ మధ్య ఉన్నది సరుకుల అమ్మకం చట్టం 1930 కిందికి వస్తుంది, చెప్పిన వివరణకి తగ్గ సరుకు రావాలన్నది అందులో ఉంది. రెండో లెటర్‌లో ఆ చట్టం పేరు ఒక్క లైన్ రాసి, మొదటి లెటర్ కాపీ జతచేసి, అప్పటికీ కదలకపోతే లాయర్ నోటీసు.

ఒప్పుకున్నాక కూడా మూడు చూసుకోవాలి. క్రెడిట్ నోట్ అయితే దాని మీద పాత బిల్లు నంబరు, తేదీ ఉండాలి, లేకపోతే జీఎస్టీ లెక్కలో మీ అకౌంటెంట్ తల పట్టుకుంటాడు. రీప్లేస్‌మెంట్ అయితే వారంటీ ఎప్పటినుంచి లెక్కో, కొత్తగానా, పాతదాంట్లో మిగిలిన నెలలేనా, కార్డు మీద రాయించండి, కస్టమర్ అడిగేది మిమ్మల్నే. ఇక వచ్చిన బ్యాటరీల తయారీ కోడు అదే పాత బ్యాచ్‌దైతే దించుకోకుండా అదే బండిలో తిప్పి పంపండి, వేరేదైతే కస్టమర్లకి ఇచ్చేముందు అందులో ఒకదాన్ని ఫుల్ చార్జ్ చేసి తెల్లవారుజామున ఐదింటికి ఆ రెండు బల్బులకి తగిలించండి.